ఇసుక మోసే గాడిదకు మూపు మీద పుండు, ముందు కాలు కుంటు: ఏం చేయాల?

ఆదోని_సందు
అందరికీ నమస్కారం. మాది ఆదోని. పాత ఊర్లో ఆటో దూరని సందులల్లో ఇండ్లు కడతాండేవాళ్లకు మా నాయన గాడిదల మీద ఇసుక, ఇటికెలు తోలతాడు. మూడు ఉండాయి. అందులో నడిపిది, ఆడది, ఎనిమిదేండ్లు ఉంటాది. దానికి మూపు మీద పుండు లేచింది. మొదట రూపాయి బిళ్లంత ఉండె, ఇప్పుడు అరచేతి అంత అయింది. పైన పక్కు కడతాది, బరువు కింద వీపున ఏసే గంత మళ్లా ఏస్తే ఊడొస్తాది. కింద కొంచెం వాపు ఉంది. ఈగలు వదలడం లేదు.

ఇది చాలదన్నట్టు నిన్న పొద్దున్నుంచి ముందు ఎడమ కాలు మోపడంల్యా. భుజం పట్టిందని నాయన అంటాడు. బక్కగా కూడా అయింది. బలానికని తవుడు, నూకలు కలిపి కిలో పైన పెడతాండాం. పాత గంత చినిగిపోతే యూరియా సంచులల్లో పాత బట్టలు కుక్కి కొత్తది కుట్టినాం. పుండు అప్పట్నుంచే అనుకుంటా. మందు ఏం పూయాల, ఎన్ని రోజులు నిలపాల, తెలిసినోళ్లు చెప్పండి.

పల్నాటి_రాతిపని
అబ్బాయ్, మా తాతల కాలం నుంచీ రాళ్ల పనికి గాడిదలే. మూపు పుండుకి వాడేసిన ఇంజనాయిలు, దాంట్లో ఇంత పసుపు కలిపి పూయి. ఈగ వాలదు. కాలంటావా, భుజం పట్టిందనే నా అనుమానం కూడా. భుజం మీద వాత పెడితే లేచి పరుగెత్తుద్ది. తవుడు మంచిదే, మానొద్దు. ఇంకోటి, పని నుంచి రాగానే నీళ్లు పెట్టబాక, కడుపునొప్పి వస్తది. గంత మాత్రం నువ్వన్నది నిజం. యూరియా సంచి నున్నగా జారిపోద్ది, చెమట పీల్చదు. మేం ఎప్పుడూ గోనె పట్టాయే వాడేవాళ్లం.

పశువైద్యుడు_విశ్రాంతి
పాలమూరు జిల్లాలో పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైర్ అయ్యాను. మా దగ్గర రజకుల గాడిదలు చాలా వచ్చేవి.

ముందు కాలు సంగతి, ఎందుకంటే అది ఆగదు. నిన్న పొద్దున ఒక్కసారిగా కాలు మోపలేకపోయిందంటే భుజం కన్నా ముందు గిట్ట చూడాలి. ముందుకాళ్ల కుంటులో ఎక్కువ భాగం గిట్టలోనే ఉంటుంది. భుజం పట్టింది అని పేరు పెట్టి వాత పెడితే గిట్టలో చీము అలాగే ఉండిపోతుంది, పైన ఇంకో పుండు తయారవుతుంది. వాత పెట్టొద్దు.

ఇలా చూడండి. రెండు ముందు గిట్టలనూ అరచేత్తో పట్టుకోండి, కుంటే గిట్ట ఎక్కువ వేడిగా ఉందా? గిట్టకు పైన, కాలి వెనక రెండు పక్కలా రక్తనాళం కొట్టుకుంటుంది. ఆ కాలిలో అది గట్టిగా కొడుతోందా? తర్వాత కాలు ఎత్తి అడుగు శుభ్రం చేయండి. మడమ వైపు నుంచి ముందుకు గీకాలి, ముందు నుంచి వెనక్కి గీకితే మధ్యలో ఉండే మెత్తటి త్రికోణానికి దెబ్బ తగులుతుంది. మేకు, గాజుపెంకు, రాయి, నల్లటి చుక్క ఏమైనా ఉందా? దుర్వాసన వస్తోందా? చిన్న సుత్తితో అంచు వెంట మెల్లగా తడుతూ పోతే ఒకచోట కాలు లాక్కుంటుంది. చూసి రాయండి.

మేకు కనిపిస్తే పీకేయడానికి తొందరపడకండి. ఎక్కడ, ఎంత లోతున, ఏ వాలులో దిగిందో గుర్తుపెట్టుకుని, వీలైతే ఫోటో తీసుకుని తీయాలి. డాక్టరు వెంటనే వచ్చేటట్టుంటే ఆయన వచ్చేదాకా ఉంచడమే మేలు. ఏదైనా సరే, ధనుర్వాతం ఇంజెక్షను పడాలి. గుర్రం జాతికి ఆ జబ్బు చాలా తేలిగ్గా అంటుకుంటుంది.

పుండు మీద ఇంజనాయిలు వద్దు. ఈగ వాలదన్నది నిజమే కానీ, అది కండను మాడుస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక టీచెంచా ఉప్పు వేసి, ఆ నీళ్లు ధారగా పోస్తూ కడగండి. రుద్దొద్దు. మెత్తబడితే పక్కు దానంతట అదే వస్తుంది, గోకి తీయొద్దు. పుండు చుట్టూ ఉన్న వెంట్రుకల మీద వేపనూనె పూస్తే ఈగలు తగ్గుతాయి, పుండు లోపలికి పోకుండా చూడండి.

ఇంకో ప్రశ్న. ఆ వాపు నొక్కితే ఎలా ఉంది? పుండు పై తోలు వరకేనా, లేక ఏదైనా చిన్న రంధ్రంలోంచి చీము కారుతోందా?

జడ్చర్ల_లచ్చక్క
తమ్మీ, మాది చాకలి ఇల్లు, గాడిదలు ఇప్పటికీ రెండున్నయి. డాక్టర్ సారు జెప్పింది జెయ్. నేను తిండి ముచ్చట జెప్త. బక్కగైందని తవుడు, నూకలు కుమ్మరిస్తే గాడిదకు బలం రాదు. దానికి కావాల్సింది గడ్డి. పొద్దంత పనిజేసి వచ్చినంక రాత్రి మొత్తం నములుకుంట ఉండాలె. మీ దిక్కు శనక్కాయ కట్టె దొరుకుతది గదా, జొన్న చొప్ప దొరుకుతది. చొప్పను జానెడు జానెడు నరికి ఏయండి. తిన్నంక కింద నమిలి ఉమ్మేసిన ఉండలు ఏమన్న ఉన్నయా సూడు. ఉంటే పండ్లు సరిగ లేవన్నట్టు. మా ముసలిదానికి గట్లనే అయింది. పండ్లు అరగదీయిస్తే మళ్ల తినవట్టింది.

గాడిదపాలు_హలారీ
నమస్తే అండి. నేను పాల కోసం హలారీ గాడిదలు గుజరాత్ నుంచి తెప్పించాను. మీది ఆడదని రాశారు కదా, పాలిస్తుందా? ఎన్నో ఈత? మీ దగ్గర ఎవరైనా పాలు కొనేవాళ్లు ఉంటే చెప్పగలరు. మన లోకల్ గాడిద రోజుకు ఎంత ఇస్తుందో కూడా తెలుసుకోవాలని ఉంది.

జడ్చర్ల_లచ్చక్క
అయ్యా, దానికి పుండయింది, కుంటుతున్నది. పాల ముచ్చట వేరే పెట్టుకోరాదు.

ఆదోని_సందు
సార్, మీరు చెప్పినట్లే చూసినాం. ఎడమ గిట్ట కాలిపోతాండాది. కాలు వెనక నాడి మా నాయన చేతికి కూడా తెలిసింది. అడుగు కడిగితే నల్లగా మెత్తగా ఉంది, చెడ్డ వాసన. ముందు భాగంలో అంచుకు కొంచెం లోపల తట్టితే కాలు గుంజుకునింది. మేకు కనపడలా. రాత్రిపూట కట్టేసేది మోరీ పక్కన, అక్కడ ఎప్పుడూ తడే.

మూపు వాపు నొక్కితే మెత్తగా ఉంది, నొక్కినచోట గుంట నిలిచి మెల్లగా పోతాది. రంధ్రం ఏమీ లేదు, పైనే ఉంది.

లచ్చక్కా, నమిలిన ఉండలు లేవు. కట్టె దొరుకుతాది కానీ వాన్లకు తడిసి బూజు పట్టింది. దులిపి ఏస్తే తప్పా?

పశువైద్యుడు_విశ్రాంతి
రంధ్రం లేకపోవడం మంచి వార్త. మూపు మీద లోతుగా చీము చేరి, ఒక కన్నంలోంచి కారి, పైకి మానినట్టే మాని మళ్లీ పగిలే పుండు వేరు. అది లోపలి ఎముక చివరల దాకా పోతుంది, కోసి శుభ్రం చేయాల్సి వస్తుంది. దాన్ని చేతులకు తొడుగు లేకుండా ముట్టుకోకూడదు, ఎందుకంటే కొన్నిసార్లు అందులో మనిషికి కూడా అంటుకునే బ్రూసెల్లా అనే క్రిమి ఉంటుంది. మీది ఇంకా తోలు దగ్గరే ఉంది. గంత తీసేస్తే మానుతుంది. తీయకపోతే ఏ మందుకూ మానదు.

గిట్టలో మాత్రం రెండు వేర్వేరు సంగతులున్నాయి. నల్లగా మెత్తగా వాసన వచ్చేది తడిలో నిలబెట్టడం వల్ల వచ్చిన కుళ్లు. గాడిద గిట్ట గుర్రం గిట్ట కన్నా నీటిని ఎక్కువ పీలుస్తుంది, తడినేల మీద త్వరగా మెత్తబడుతుంది. అలా మెత్తబడిన గిట్టలోకి, అడుగూ గోడా కలిసే అంచు దగ్గర, ఇసుకరేణువు దూరినా చాలు. అది పైకి పాకి చీము పడుతుంది. చీముకు పోవడానికి దారి ఉండదు, గిట్ట సాగదు, అందుకే అంత నొప్పి. తట్టినప్పుడు గుంజుకున్న చోటే ఉంటుందనుకుంటున్నాను. డాక్టరు అక్కడ చిన్న దారి చేస్తే చీము కారిపోతుంది. మీరు కత్తి పెట్టొద్దు. 1962కి ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది. లేదా పశువుల ఆసుపత్రికి, కానీ దాన్ని నడిపించుకుంటూ కాదు, ఆటోలో.

బూజు కట్టె దులిపినా వద్దు. దులిపితే దుమ్ము పోతుంది, విషం పోదు. గుర్రం జాతి కడుపు ఆవు కడుపులా నాలుగు అరలది కాదు, వాంతి చేసుకునే వీలు కూడా దానికి లేదు.

పల్నాటి_రాతిపని
సరే సారూ, గిట్ట సంగతి ఒప్పుకుంటా. కానీ నీళ్ల మాట మీద మీరేమంటారు? మా నాయన ముందు ఒళ్లు చల్లారనిచ్చి ఆ తర్వాతే పెట్టేవాడు.

పశువైద్యుడు_విశ్రాంతి
మీ నాన్నగారి మాటలో సగం ఉంది. ఎండలో చెమటోడ్చి వచ్చినదాని ముందు ఒకేసారి బకెట్టు చల్లటి నీళ్లు పెట్టి, కడుపు నిండా తాగనివ్వకపోవడం మంచిదే. కానీ గంటసేపు ఆపడం మంచిది కాదు. కొంచెం తాగించి, కొద్ది నిమిషాలు నడిపించి, మళ్లీ కొంచెం. అసలు ఇబ్బంది ఎక్కడంటే, గాడిద దాహాన్ని దాచుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గినా పని చేస్తూనే ఉంటుంది. పైగా మురికి నీళ్లు మూతి పెట్టి చూసి వదిలేస్తుంది, మనం దాహం లేదనుకుంటాం. ఎండాకాలంలో పని చేసే గాడిదకు 20 లీటర్ల దాకా పట్టొచ్చు. కడిగిన బకెట్టులో రోజుకు కనీసం నాలుగైదుసార్లు చూపించాలి.

ఆదోని_సందు
సార్, 1962 బండి వచ్చింది. మీరు చెప్పినచోటే డాక్టరమ్మ చిన్న కత్తితో కొంచెం చెక్కినారు. నల్లటి చీము చిమ్మింది, వాసన తట్టుకోలేం. అర గంటలోపలే కాలు కొంచెం ఆనించింది. ధనుర్వాతం సూది ఏసినారు. గోరువెచ్చటి నీళ్లలో ఎప్సమ్ ఉప్పు కలిపి పొద్దున, సాయంత్రం గిట్టను నానబెట్టి, తుడిచి, దూది పెట్టి గుడ్డతో కట్టమన్నారు. గుడ్డ తడవకుండా పైన పాల కవరు కట్టి ప్లాస్టర్ చుట్టినాం. పుండుకు పూసే మందు కూడా ఇచ్చినారు. పని మాత్రం నిలిపేయమన్నారు.

నాయన పెద్ద రగడ. పోస్తే ట్రిప్పుకు లెక్క, నిలిపితే ఇంటికి రూపాయి రాదు. మిగతా రెండిటి మీద ఎక్కువ ఏస్తానంటాడు.

జడ్చర్ల_లచ్చక్క
గదే తప్పు. రెండిటి మీద ఎక్కువేస్తే నెలకు మూడింటికి పుండ్లయితయి.

ఇటుకబట్టీ_గుత్తేదారు
అందరూ గాడిద గురించే మాట్లాడుతున్నారు, మనిషి కడుపు గురించి ఎవరూ మాట్లాడట్లేదు. మా దగ్గర గాడిదకు రెండు పక్కలా కలిపి 80 కిలోలు వేస్తాం, నడుస్తూనే ఉంది. ఈ లెక్కలు పట్టుకుంటే పని జరగదు.

పశువైద్యుడు_విశ్రాంతి
నడుస్తుంది సార్, అదే దానితో వచ్చిన చిక్కు. కూలబడేదాకా నడుస్తుంది.

బరువు మోసే జంతువుల మీద 1965 నాటి కేంద్ర నిబంధనలు గాడిదకు గరిష్ఠంగా 50 కిలోలన్నాయి. రోజుకు 9 గంటలు మించకూడదు, విరామం లేకుండా 5 గంటలు దాటకూడదు, 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదు. కానీ 50 అన్నది గీత మాత్రమే, ప్రతి గాడిదకూ తగిన బరువు అని కాదు. ఆదోని తమ్ముడూ, మీ ఆడదాని ఛాతీ చుట్టుకొలత, మూపు దాకా ఎత్తు టేపుతో కొలిచి చెప్పు. ముందుకాళ్ల వెనక, మోచేతికి ఆనుకుని చుట్టాలి.

ఆదోని_సందు
చుట్టుకొలత 105 సెంటీమీటర్లు, ఎత్తు 95.

పశువైద్యుడు_విశ్రాంతి
ఆ రెండు కొలతలతో సూత్రం ప్రకారం వేస్తే బరువు సుమారు 116 కిలోలు వస్తుంది. దీనిలో మూడో వంతు అంటే 38, 39 కిలోలు. గంత, సంచుల బరువు కూడా అందులోనే. తడి ఇసుక ఆరిన ఇసుక కన్నా బరువు, తట్ట లెక్కతో మోసం పోతాం. ఒకసారి మీ తట్టను తడి ఇసుకతో నింపి కాటా మీద పెట్టి చూడండి, మీ నాన్నగారికి ఆ అంకె చూపిస్తే నా మాట కన్నా బాగా పనిచేస్తుంది.

ఇదే బరువుతో మేత లెక్క కూడా చెబుతాను. కష్టపడి పని చేసే రోజుల్లో ఇంత దానికి ఎండుమేత రెండున్నర నుంచి మూడు కిలోలు చాలు. దాన్ని రెండుసార్లు కుప్పగా వేయడం కాదు, రోజంతా కొంచెం కొంచెం. రాత్రి వాటా పెద్దది. పైన దాణా పెట్టాలంటే నానబెట్టిన ఉలవలు, కొంచెం తవుడు కలిపి మొత్తం అరకిలో మించకుండా, రెండు పూటలుగా. ఉప్పుగడ్డ నాకడానికి అందుబాటులో.

మీరిప్పుడు పెడుతున్న కిలోకు పైన తవుడు, నూకలు రెండు రకాలుగా చెడ్డవి. నూకల పిండిపదార్థం కడుపు దాటి పెద్దపేగులోకి పోయి పులుస్తుంది, దానివల్ల కడుపునొప్పి, గిట్టలో వాపు రావచ్చు. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. నెలల తరబడి అదే తిండి అయితే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది, దవడ ఎముకలు ఉబ్బుతాయి. అయితే ఈ రోజే మొత్తం ఆపేయొద్దు. వారం పది రోజుల్లో కొంచెం కొంచెం తగ్గిస్తూ గడ్డి పెంచండి.

ఇప్పుడు పని లేకుండా నిలబడి ఉంది కనుక దాణా తగ్గించాలి, గడ్డి తగ్గించకూడదు. ఒక జాగ్రత్త: అది రోజంతా మేత ముట్టకుండా తల వేలాడేసి నిలబడితే, కుంటు వల్లే అనుకుని ఊరుకోవద్దు. తినడం మానిన గాడిద ఒంట్లోని కొవ్వు రక్తంలోకి చేరి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. లావుగా ఉన్నవాటికీ, చూలుతో ఉన్నవాటికీ ఈ ముప్పు ఎక్కువ. రేపు చూద్దాం అనుకునే జబ్బు కాదది.

పల్నాటి_రాతిపని
తవుడు లెక్క నాకు ఎక్కలా. మా గాడిదలు తవుడు తినే ఇరవై ఏళ్లు బతికినయ్.

జడ్చర్ల_లచ్చక్క
పెద్దాయనా, మీవి పొద్దంత బయట మేసి ఉంటయి. గుట్టల మీద నానా రకాల ఆకు, గడ్డి తిని, మీద ఇంత తవుడు. టౌన్ల కట్టేసిన దానికి తవుడే తిండి అయితది. గదీ తేడా. గట్లనే తోలేస్తే చెత్తకుప్ప మీద అట్టముక్కలు, పాలిథిన్ కవర్లు మెక్కుతయి. మా చిన్నాయిన గాడిద గా కవర్లతోనే పేడ ఆగి సచ్చిపోయింది.

గోనెకుట్టు_గుంతకల్లు
ఇప్పుడే చూసినా ఈ చర్చ. నేను గోనె సంచులు కుట్టేవాన్ని, గంతలు కూడా కుట్టినా. పుండుకు మందు మీరందరూ చెప్పినారు, గంత ఎవరూ చెప్పలా. పుండు మానినాక అదే గంత ఏస్తే అదే పుండు.

యూరియా సంచి గంతలో అసలు తప్పు సంచి ఒక్కటే కాదు. మీరు ఒకే దిండు మాదిరి కుట్టి ఉంటారు. అది వెన్నెముక మీద నిటారుగా కూర్చుంటాది. బట్టలు రెండు దినాలకే అణిగిపోయి ఉండలు కడతాయి, బరువంతా మూపు ఎముక మీదికి దిగుతాది. గంత అంటే ఒక దిండు కాదు, రెండు దిండ్లు. వెన్నుకు ఆ పక్కొకటి, ఈ పక్కొకటి, పక్కటెముకల మీద కూర్చోవాల. మధ్యలో నాలుగు వేళ్ల సందు, అందులో వెన్నుపూసకు ఏదీ తగలకూడదు. ముందొకటి వెనకొకటి అడ్డపట్టీలు కమాను మాదిరి పైకి లేపి కుట్టి రెండిటినీ కలపాల.

దిండు పొడుగు గాడిదను బట్టి. భుజం ఎముక వెనకనుంచి మొదలై చివరి పక్కటెముకకు ముందే అయిపోవాల. భుజం మీదికి పోతే నడిచినప్పుడంతా రాసుకుంటాది, నడుం మీదికి పోతే అక్కడ కింద ఎముక ఆధారం లేదు. లోపల ఎండు వరిగడ్డి గట్టిగా, చేత్తో గుద్దితే లోపలికి పోకుండా కుక్కాల. ఒంటికి తగిలే పక్క పాత నూలు చీర రెండు మడతలు. కుట్టు, ముడి ఒంటి వైపు రాకూడదు. బరువు ఏసినాక ముందు కమాను కింద చేయి దూర్చి చూడాల. వేళ్లు తేలిగ్గా పోతే సరి, ఇరుక్కుంటే దిండ్లు పల్చబడినట్టు, గడ్డి మళ్లా కుక్కాల.

కడుపు పట్టీకి నైలాన్ తాడు వద్దు. నాలుగు వేళ్ల వెడల్పు నూలు పట్టీ. తోక కింద పోయే తాడుకు మెత్తటి గుడ్డ చుట్టాల, అక్కడి పుండు ఎవరూ చూడరు, తోక ఎత్తితే కదా కనపడేది.

ఇటుకబట్టీ_గుత్తేదారు
మా వాళ్లు పుండు ఉన్నచోట గంతకు రంధ్రం కోసి వేస్తారు. పుండుకు తగలదు, పనీ ఆగదు. ఇంత కుట్టుపని అవసరమా?

గోనెకుట్టు_గుంతకల్లు
రంధ్రం కోస్తే ఆ అంచు చుట్టూ రింగు మాదిరి నొక్కుతాది. మధ్యలో తోలు రంధ్రంలోకి ఉబ్బుతాది. పుండు పక్కన కొత్త పుండ్లు. నేను చూసినవన్నీ అంతే.

ఇటుకబట్టీ_గుత్తేదారు
మావాటికి రంధ్రం వేసే పుండ్లు మానినయ్. పెద్దది కోస్తే అంచు దూరంగా ఉంటుంది.

పశువైద్యుడు_విశ్రాంతి
పెద్ద రంధ్రంతో కొన్ని మానడం నేనూ చూశాను, ముఖ్యంగా వెన్నుకు దూరంగా పక్కన ఉన్న చిన్న పుండ్లు. మూపు మీద మాత్రం నాకు నమ్మకం లేదు, అక్కడ తోలుకూ ఎముకకూ మధ్య కండే ఉండదు. గుంతకల్లు ఆయన చెప్పినట్టు రెండు పక్కలా దిండ్లు మందం చేసి మొత్తం పైకి లేపడమే నయం. అది కూడా పుండు మూసుకున్నాకే. తెరిచిన పుండు మీద ఏ గంతా వద్దు.

ఇంకొక అలవాటు చెబుతాను, ఖర్చు లేనిది. బరువు దించగానే గంత లాగేయకండి. పట్టీ వదులు చేసి పది పదిహేను నిమిషాలు అలాగే ఉంచండి. నొక్కుకుపోయిన తోలులోకి రక్తం ఒక్కసారిగా వస్తే వాపు లేస్తుంది. తర్వాత గంత తీసి వీపు చూడండి. వీపంతా చెమటతో తడిసి, మధ్యలో ఒకచోట మాత్రం పొడిగా ఉంటే అక్కడే నొక్కుడు ఎక్కువ. చాలామంది పొడిగా ఉంది కదా అని సంతోషిస్తారు. కొంచెం సేపయ్యాక చేత్తో తడిమితే అక్కడ వేడి, చిన్న వాపు తెలుస్తుంది. పుండు పడక ముందే దొరికే గుర్తు ఇదే. ఆ దశలో గంత సర్ది, రెండు మూడు రోజులు నిలిపితే సరిపోతుంది.

ఆదోని_సందు
సార్, మిగతా రెండిటికీ ఈ సాయంత్రమే చూసినాం. పెద్దదానికి కుడి పక్క మూపు వెనక ఒకచోట పొడిగా ఉండె, చేయి పెడితే వేడి. పుండు లేదు. నాయన దాన్ని చూసినాక ఏమీ మాట్లాడలా. తట్టను కూడా కాటా ఏసినాం, తడి ఇసుక 27 కిలోలు వచ్చింది. అటొకటి ఇటొకటి, మీద గంత. అంటే 38 ఎప్పుడో దాటినాం.

తట్ట చిన్నది చేస్తే ట్రిప్పులు పెరుగుతాయి, మేస్త్రీ ట్రిప్పుకే కదా డబ్బులిచ్చేది. ఇది ఎట్ల తేల్చుకోవాలో తెలీడంలేదు. సంచి లెక్కకు మార్చమని అడుగుదామనుకుంటాండాం. వాళ్లు ఒప్పుకుంటారో లేదో.

ఇటుకబట్టీ_గుత్తేదారు
ఒప్పుకోరు. నేనైనా ఒప్పుకోను, నిజం చెబుతున్నా. కానీ అడిగి చూడండి, మీ సందులోకి ఇంకెవరూ రాలేరంటే బేరం మీ చేతిలోనే ఉంది.

గాడిదపాలు_హలారీ
మళ్లీ వచ్చినందుకు ఏమీ అనుకోకండి. గిట్టల గురించి చదివాక అడుగుతున్నా. మావి పని చేయవు, షెడ్డులోనే ఉంటాయి. గిట్టలు ముందుకు పొడుగ్గా పెరిగి చెప్పుల్లా వంగిపోతున్నాయి. దీనికీ తడే కారణమా? లాడాలు కొట్టించాలా?

పశువైద్యుడు_విశ్రాంతి
ఇప్పుడు సరైన ప్రశ్న అడిగారు. మీది ఆదోని వాళ్లకు తిరగబడిన సమస్య. వాళ్లవి సిమెంటు, తారు మీద తిరిగి అరుగుతాయి, మీవి మెత్తటి నేల మీద నిలబడి పెరుగుతాయి. గిట్ట ముందు భాగం పొడుగైతే కాలి వెనక స్నాయువు మీద లాగుడు పడుతుంది, గాడిద మడమ మీద నడుస్తుంది. ఆరు నుంచి పది వారాలకు ఒకసారి చెక్కించి ఆకురాయితో సరిచేయించాలి. బాగా పెరిగిపోయినదాన్ని ఒకేసారి మొత్తం కోయించొద్దు, రెండు మూడు విడతలుగా.

చెక్కేవాళ్లకు ఒక మాట ముందే చెప్పండి. గాడిద గిట్ట గుర్రం గిట్ట కన్నా నిటారుగా, ఇరుకుగా ఉంటుంది. గుర్రాలకు అలవాటు పడినవాళ్లు దాన్ని గుర్రం వాలుకు తేవాలని మడమ కోసేస్తారు. అలా చేయనివ్వకండి. లాడాల అవసరం మీకు లేదు.

ఆదోని గాడిదలకు లాడాలు కావాలా అంటే, గిట్ట పెరిగే దాని కన్నా త్వరగా అరిగి అడుగు పల్చబడితే ఆలోచించాలి. మేకు తప్పుగా దిగితే మళ్లీ చీమే, కనుక పని తెలిసినవాళ్లు దొరికితేనే.

పల్నాటి_రాతిపని
మా దగ్గర గాడిదకి లాడం ఎవరూ కొట్టరు. మట్టిదారి ఉన్నంతకాలం అవసరమే రాలా. ఇప్పుడంతా సిమెంటు రోడ్డే కాబట్టి ఏమోలే.

ఇంకో మాట సారూ. మా చుట్టం గాడిదకి కాలి లోపలిపక్క వరసగా గడ్డలు లేచి పగిలినయ్యంట, మానట్లేదు, ముక్కు కూడా కారుద్దంట. ఇదీ తాడు రాపిడేనా?

పశువైద్యుడు_విశ్రాంతి
కాదేమో. వరసగా గడ్డలు, ముక్కు నుంచి చీమిడి, రెండూ కలిస్తే గ్లాండర్స్ అని అనుమానించాలి. అది మనుషులకూ అంటుతుంది, మందులతో నయం చేసి ఉంచుకునే జబ్బు కాదు, కనిపిస్తే ప్రభుత్వానికి చెప్పి తీరాల్సినది. పశువుల ఆసుపత్రి వాళ్లు రక్తం తీసి పరీక్షకు పంపుతారు. హిస్సార్‌లో గుర్రాల జాతీయ పరిశోధన కేంద్రం ఉంది, నిర్ధారణ అక్కడ చేస్తారు. అప్పటిదాకా దాన్ని విడిగా కట్టేయమనండి, దాని నీళ్లతొట్టి వేరే జంతువులకు పెట్టొద్దనండి, చేతులకు గాయాలున్నవాళ్లు దగ్గరకు పోవద్దనండి. ఈ రోజే ఫోన్ చేయమనండి.

పల్నాటి_రాతిపని
చేయిస్తున్నా.

ఆదోని_సందు
కొంచెం ఆలస్యమైంది రాయడానికి. కాలు ఇప్పుడు బాగుంది, మామూలుగా నడుస్తాండాది. మోరీ పక్కనుంచి మార్చి, మెట్టమీద ఇటికె ముక్కలు, మీద ఇసుక పోసి అక్కడ కట్టేస్తాండాం. రోజూ పొద్దున గిట్టలు గీకుతాం. కుళ్లు వాసన పోయింది. పుండు అంచుల్నుంచి ఎర్రగా కొత్త తోలు లోపలికి పాకుతాంది, నడుమ ఇంకా రూపాయి బిళ్లంత మిగిలింది. తవుడు తగ్గించినాం, కొత్త శనక్కాయ కట్టె ఊరినుంచి తెప్పించినాం. పేడ కూడా ఇప్పుడు ఉండలుగా పడతాంది, ముందు మెత్తగా ఉండె.

గుంతకల్లు అన్నా, రెండు దిండ్ల గంత ఒకటి కుట్టిస్తావా? పెద్దదానికి ముందు కావాల. కొలతలు పంపుతా. మేస్త్రీని అడిగినాం, సంచి లెక్క వద్దన్నాడు కానీ చిన్న తట్టకు ట్రిప్పుకు కొంచెం తగ్గించి ఇస్తానన్నాడు. నాయన ఇంకా ఆలోచిస్తాండాడు.

గోనెకుట్టు_గుంతకల్లు
పంపు. కొలత అంటే ఛాతీ ఒకటే కాదు, వీపు ఆకారం కావాల. అట్టముక్క ఒకటి మూపు వెనక అడ్డంగా వీపు మీద ఒత్తి, ఆ వంపు ప్రకారం కత్తిరించి తీసుకురా. అట్నే చివరి పక్కటెముక దగ్గర ఇంకోటి. రెండూ ఉంటే సరిగ్గా కుడతా. వరిగడ్డి మీరే తెచ్చుకోండి, పోయిన ఏడాదిది, బాగా ఎండినది. ఇక్కడ దొరికేది తడిగా ఉంది.

జడ్చర్ల_లచ్చక్క
తమ్మీ, పుండు మానినచోట తెల్ల ఎంట్రుకలు వస్తయి, భయపడకు. కాని ఆ తోలు పల్చగ ఉంటది. బరువు ఏసే ముందు కొన్ని దినాలు ఖాళీ గంత ఏసి నడిపించు, తర్వాత తీసి సూడు. ఎర్రగైతే మళ్ల ఆపు.

పశువైద్యుడు_విశ్రాంతి
అవును. ఆ తర్వాత మొదటి వారం సగం బరువే. మిగతా రెండిటికీ ధనుర్వాతం టీకా వేయించారా? అది రాయలేదు మీరు.